ఈఎస్‌ఐ సిక్‌నెస్ డబ్బు 91 రోజులే.. తర్వాతి వైకల్యం క్లెయిమ్ మొదటి రోజు కాగితంలోనే తేలిపోతుంది

మా ఖాలా పెద్ద కొడుకు హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ మీద పని చేస్తాడు. ఒక రోజు రాత్రి షిఫ్టులో కుడి చేతి బొటనవేలు ప్రెస్ కింద పడి నలిగిపోయింది. సూపర్‌వైజర్ వెంటనే కారులో ప్రైవేటు నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు. వేలు మొదలంటా తీసేయాల్సి వచ్చింది. బిల్లు మొత్తం ఓనరే కట్టాడు. ఇంట్లో అందరూ "ఎంత మంచి మనిషి" అన్నారు.

డిశ్చార్జ్ రోజు సూపర్‌వైజర్ ఒక మాట చెప్పాడు. "భాయ్, డిస్పెన్సరీకి పోయి ఇంట్లో జారిపడ్డా అని చెప్పు. సిక్ లీవ్ సర్టిఫికెట్ ఇస్తారు, డబ్బు బ్యాంకులో పడుతుంది. ఫ్యాక్టరీలో అయిందంటే ఇన్‌స్పెక్షన్లు, కేసులు. ఎందుకు నీకూ మాకూ?" బిల్లు కట్టిన మనిషి మాట కాదనలేక భాయ్ అలాగే చెప్పాడు. డాక్టర్ అలాగే రాశాడు.

ఆ ఒక్క అబద్ధం ఖరీదు ఎంతో మొదట్లో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. బీకాం చదివినవాణ్ణి కాబట్టి తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్కే ఇక్కడ చెప్తున్నా. మన ఇళ్లలో షోరూముల్లో, హోటళ్లలో, వర్క్‌షాపుల్లో పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పది మంది లేదా అంతకు మించి పనివాళ్లున్న సంస్థలో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే వాళ్లకు ఈఎస్‌ఐ ఉంటుంది. జీతం నుంచి 0.75 శాతం కోస్తారు, ఓనర్ 3.25 శాతం కడతాడు. కోత అందరికీ కనిపిస్తుంది, వచ్చేది ఎలా వస్తుందో మాత్రం చాలామందికి తెలీదు.

ముందు ఒక సంగతి. డిస్పెన్సరీ, మందులు చూసేది ఎక్కువ చోట్ల రాష్ట్ర ప్రభుత్వ శాఖ. డబ్బు ఇచ్చేది కేంద్రం కింద ఉన్న ఈఎస్‌ఐ కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసు. అంటే డాక్టర్ రాసిన కాగితం ఒక చోట, దాన్ని చూసి డబ్బు లెక్క కట్టేవాళ్లు ఇంకో చోట. బ్రాంచి ఆఫీసులో కూర్చున్న మనిషి మీ చెయ్యి చూడడు, కాగితం మీద ఏం రాసి ఉందో అదే చూస్తాడు.

ఆ కాగితం రెండు దారుల్లో ఒకదాని మీదికి మిమ్మల్ని పంపుతుంది. ఒకటి జబ్బు దారి. రెండోది పని గాయం దారి, అంటే పనిలో, పని వల్ల తగిలిన దెబ్బ. 2025 నవంబర్ 21 నుంచి 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కదా, అందులోనూ ఈ విభజన ఇలాగే ఉంది.

జబ్బు దారిలో ఏం వస్తుంది?

సగటు రోజు కూలీలో 70 శాతం. అది కూడా వరుసగా వచ్చే రెండు బెనిఫిట్ పీరియడ్లలో, అంటే దాదాపు ఏడాదిలో, గరిష్ఠంగా 91 రోజులు. ప్రతిసారి జబ్బు మొదలైన మొదటి రెండు రోజులకు డబ్బు ఉండదు. ముందటి సిక్ లీవ్ అయిపోయిన 15 రోజుల్లోపే మళ్లీ పడిపోతే మాత్రం ఆ రెండు రోజులు కోయరు.

బెనిఫిట్ పీరియడ్ అనే మాట దగ్గర చాలామంది తికమక పడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టిన చందా, వచ్చే జనవరి నుంచి జూన్ దాకా పనికొస్తుంది. అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టింది ఆ తర్వాతి జూలై నుంచి డిసెంబర్ దాకా. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. అంటే మీరు ఈ రోజు జబ్బు పడితే ఆఫీసు చూసేది ఈ నెల జీతం కాదు, మూడు నుంచి తొమ్మిది నెలల కిందట ముగిసిన పీరియడ్ లెక్క.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. ఒకతను ఫిబ్రవరిలో మంచం పట్టి ఆగస్టు 1న మళ్లీ పనికి పోయాడనుకుందాం. ఏప్రిల్–సెప్టెంబర్ పీరియడ్‌లో అతనికి జీతం వచ్చింది ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలే. అన్నీ కలిపి 61 రోజులు. 78 కాలేదు. కాబట్టి వచ్చే జనవరి–జూన్‌లో మళ్లీ పడిపోతే సిక్‌నెస్ డబ్బు రాదు. జబ్బుతో ఇంట్లో ఉన్న రోజులకు జీతం లేదు, జీతం లేకపోతే చందా లేదు. పెద్ద జబ్బు మనిషిని రెండుసార్లు కొడుతుంది అనేది అందుకే.

పని గాయం దారిలో ఇవేవీ లేవు. చేరిన మొదటి రోజే ప్రెస్ కింద వేలు పడ్డా సరే, 78 రోజుల షరతు లేదు. రేటు 70 కాదు, 90 శాతం. 91 రోజుల గీత లేదు. డాక్టర్ పనికి పనికిరాడు అని రాస్తున్నంత కాలం వస్తుంది. దెబ్బ తగిలిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పని చేయలేని స్థితి ఉంటే చాలు. దీన్ని తాత్కాలిక వైకల్య భృతి అంటారు. గాయం మానాక కూడా శరీరంలో లోపం మిగిలిపోతే, అప్పుడు మెడికల్ బోర్డు ముందుకు పంపుతారు. బోర్డు సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో తేలుస్తుంది. ఆ శాతం ప్రకారం జీవితాంతం డబ్బు వస్తుంది. మళ్లీ పనిలో చేరి పూర్తి జీతం తీసుకుంటున్నా ఆగదు.

జబ్బు దారిలో ఈ చివరి మెట్టు లేదు. సిక్‌నెస్ డబ్బు 91 రోజులు తీసుకున్నవాడు 92వ రోజు "నా చెయ్యి ఇక పని చేయదు, శాశ్వత వైకల్య భృతి ఇవ్వండి" అని అడిగితే ఆఫీసు అడిగే మొదటి ప్రశ్న: యాక్సిడెంట్ రిపోర్టు ఏది?

ఇక భాయ్ లెక్క

సులువుగా ఉండటానికి సగటు రోజు కూలీ 600 రూపాయలు అనుకుందాం. పనికి పోలేని రోజులు 120.

ఇంట్లో జారిపడ్డాడు అన్న దారిలో మొదటి రెండు రోజులు సున్నా. ఆ తర్వాత 91 రోజులు, రోజుకు 420 చొప్పున 38,220 రూపాయలు. మిగిలిన 27 రోజులకు ఏమీ లేదు. అక్కడితో కథ సమాప్తం.

ఫ్యాక్టరీలో ప్రెస్ కింద పడింది అన్న దారిలో 120 రోజులూ రోజుకు 540. మొత్తం 64,800. ఇక్కడికే తేడా 26,580. కానీ అసలు తేడా ఇది కాదు. చట్టంలో ఏ భాగం పోతే ఎంత శాతం అని ఒక పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. భాయ్‌కి 540లో 30 శాతం, అంటే రోజుకు 162 రూపాయలు, నెలకు సుమారు 4,860. అప్పటికి అతని వయసు 29. అరవై ఏళ్లు వచ్చేదాకా అనుకున్నా 31 ఏళ్లకు 18 లక్షల 33 వేలు. ఇది జీవితాంతం వచ్చేది కాబట్టి అరవై దగ్గర ఆగేది కూడా కాదు.

నర్సింగ్ హోం బిల్లు కట్టి ఓనర్ చేసిన మంచితనం ఈ లెక్క ముందు పెట్టి చూడండి. నిజానికి ఆ బిల్లు కూడా అతను కట్టక్కర్లేదు, ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది.

భాయ్‌కి ఈ విషయం తెలిసింది ఐదో నెలలో. మా మొహల్లాలో ఈఎస్‌ఐ ఆఫీసులో పని చేసి రిటైరైన ఒక చాచా ఉన్నారు. ఆయన ఇంటికి పోతే సగం చాయ్ తాగకముందే అడిగారు. "ఫారం 12 పంపారా బేటా?" ఓనర్ పంపాల్సిన యాక్సిడెంట్ రిపోర్టు అది. దెబ్బ తీవ్రంగా ఉంటే వెంటనే, మామూలుగా అయితే సంగతి తెలిసిన 24 గంటల్లో పంపాలి. ఫ్యాక్టరీలో యాక్సిడెంట్ పుస్తకం కూడా ఒకటి ఉండాలి. భాయ్ ఈ రెండు పేర్లూ అప్పుడే విన్నాడు.

"ఓనర్ పంపకపోతే అయిపోయినట్టేనా?" అని నేను అడిగా. చాచా నవ్వారు. "పంపకపోవడం వాడి తప్పు, నీ హక్కు పోదు. కానీ రుజువు నువ్వు మొయ్యాలి. పైగా నీ నోటితోనే ఇంట్లో పడ్డా అని చెప్పి ఉన్నావు. దాన్ని తుడవాలి ముందు."

ఎలా తుడిచాడో చెప్పాలి, ఎందుకంటే ఇదే దశలో ఆగిపోయినవాళ్లు ఎందరో. మొదట నర్సింగ్ హోంకు పోయి కేస్ షీటు నకలు తీసుకున్నాడు. అక్కడ ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ రాసుకున్న మొదటి లైన్‌లోనే ప్రెస్ మెషీన్ గాయం అని ఉంది. ఆసుపత్రికి తెచ్చిన టైం కూడా ఉంది, రాత్రి రెండు దాటాక. ఆ రోజు అతను షిఫ్టులో ఉన్నట్టు హాజరు. పక్క మెషీన్ మీద పనిచేసే ఇద్దరు రాసిచ్చిన వాంగ్మూలం. అందులో ఒకతను మొదట భయపడ్డాడు, అతని తప్పేం లేదు, అతనికీ పిల్లలున్నారు. ఇవన్నీ పెట్టి బ్రాంచి ఆఫీసుకు దరఖాస్తు రాశాడు. యాక్సిడెంట్ ఎక్కడ, ఎలా జరిగింది, మొదట ఎందుకు వేరుగా చెప్పాడు అని దాచకుండా రాశాడు. రసీదు ముద్ర వేయించుకున్నాడు.

చట్టంలో ఒక మేలు ఉంది. పని టైంలో, పని చోట జరిగిన ప్రమాదం పని వల్లే జరిగిందని, దానికి విరుద్ధంగా ఆధారం లేకపోతే, అనుకోవాలి. కాబట్టి మీరు నిరూపించాల్సింది ముఖ్యంగా ఒకటే: ఆ టైంలో నేను అక్కడ ఉన్నాను, అక్కడే దెబ్బ తగిలింది. ఆఫీసు నుంచి ఫ్యాక్టరీకి విచారణకు వచ్చారు. ఓనర్ చివరికి ఒప్పుకున్నాడు. మొదటి దరఖాస్తు నుంచి పని గాయంగా ఒప్పుకునేదాకా తొమ్మిది నెలలు పట్టింది. అప్పటికే ఇచ్చిన సిక్‌నెస్ డబ్బు మినహాయించుకుని మిగిలింది వేశారు. ఒకే రోజులకు రెండు బెనిఫిట్లు ఇవ్వరు కదా. తర్వాత మెడికల్ బోర్డు.

బోర్డు ఇచ్చిన శాతం తక్కువ అనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ ఉంది. దాని పైన ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. భాయ్‌కి అక్కడిదాకా పోవాల్సిన పని పడలేదు, పట్టికలో బొటనవేలు స్పష్టంగా ఉంది కాబట్టి. నడుము, కన్ను మసకబారడం, నరాల తిమ్మిరి లాంటివి పట్టికలో అంత సూటిగా దొరకవు. గొడవ ఎక్కువగా అక్కడే.

దారిలో జరిగిన ప్రమాదం కూడా

డ్యూటీకి పోతూ, డ్యూటీ నుంచి ఇంటికి వస్తూ బైక్ మీద జరిగిన ప్రమాదం కూడా పని గాయమే. 2010 సవరణతో వచ్చింది ఇది. షరతు ఒకటి: ఆ టైంకీ, ఆ చోటుకీ పనికీ సంబంధం ఉన్నట్టు కనిపించాలి. రాత్రి పదకొండుకు షోరూం మూసి ఇంటి దారిలో పడితే సంబంధం ఉంది. అదే మధ్యలో దోస్త్ ఇంటికి వేరే రోడ్డు మీద పోయి అక్కడ పడితే నిలబడటం కష్టం. ఇలాంటి కేసుల్లో డిస్పెన్సరీలో "రోడ్ యాక్సిడెంట్" అని మాత్రమే రాసి జబ్బు దారిలో పడేస్తారు. డాక్టర్‌కు తెలీదు మీరు ఎక్కడినుంచి వస్తున్నారో. చెప్పాల్సింది మీరే, అది రాశాడా లేదా చూసుకోవాల్సింది మీరే.

ఇంకో రకం ఉంది, అది కంటికి కనపడదు. రాయి కోసే, క్రషర్, గాజు పొడి, ఇసుక దుమ్ము ఉండే చోట ఏళ్ల తరబడి పని చేసినవాళ్లకు ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ వస్తుంది. పైకి దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం. చాలాసార్లు టీబీ అని రాస్తారు. టీబీ అయితే జబ్బు దారి, సిలికోసిస్ అయితే చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, పని గాయంతో సమానం. మందు వాడినా టీబీ తగ్గడం లేదంటే, కఫం పరీక్షలో ఏమీ దొరకడం లేదంటే, ఎన్నేళ్లు ఏ దుమ్ములో పని చేశాడో డాక్టర్‌కు వివరంగా చెప్పి పెద్ద ఆసుపత్రికి రాయించుకోవాలి.

మరి నిజంగా జబ్బే అయితే?

అన్నీ పని గాయాలు కావు. ఉదాహరణకు హోటల్‌లో వంట మాస్టర్, రోజు కూలీ 500, ఇంట్లో నిద్రలో పక్షవాతం వచ్చింది. ఇక్కడ అబద్ధం చెప్పి పని గాయం చేయడానికి లేదు, అక్కర కూడా లేదు. మొదటి 91 రోజులు రోజుకు 350. తర్వాత ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ అనేది ఉంది. 34 పెద్ద జబ్బుల జాబితా: టీబీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్, గుండెపోటు, వెన్నుపూస డిస్క్ జారడం లాంటివి. దాంట్లో ఉంటే రేటు 80 శాతానికి పెరుగుతుంది, రోజుకు 400. రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. దీనికి రెండేళ్లుగా పనిలో ఉండి, ముందటి నాలుగు చందా పీరియడ్లలో 156 రోజులు కట్టి ఉండాలి.

దానంతట అదే మొదలు కాదు. 91 రోజులు పూర్తి కాకముందే స్పెషలిస్టు రిపోర్టు, స్కాన్, జబ్బు పేరు జాబితాలో ఉన్న పేరుతోనే ఉండేలా చూసుకుని అడగాలి. "నడుం నొప్పి" అని రాసిన కాగితం 91 దగ్గర ఆగిపోతుంది. "డిస్క్ ప్రొలాప్స్" అని ఎంఆర్‌ఐతో రాసింది ముందుకు పోతుంది.

రెండేళ్లు కూడా అయిపోయి మనిషి లేవలేదనుకోండి. అప్పుడు మిగిలే దారులు ఇవి. పనితో సంబంధం లేని కారణంతో 40 శాతం కంటే తక్కువ కాని శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన కింద మొదటి ఏడాది కూలీలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం. రెండోది పీఎఫ్ వైపు ఉంది, పెన్షన్ స్కీం 1995లో. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే ఒక్క నెల చందా కట్టినా వైకల్య పెన్షన్ ఉంది. నెలకు కనీసం 1,000 రూపాయలు, సర్వీసును బట్టి ఎక్కువ.

ఇక్కడే మన ఇళ్లలో ఎక్కువగా చేతులారా పోగొట్టుకునేది. మంచాన పడ్డ మూడో నెలలో ఓనర్ రాజీనామా లెటర్ మీద సంతకం తీసుకుంటాడు. ఇంట్లో డబ్బు కావాలి, పీఎఫ్ మొత్తం తీసేస్తే వస్తుంది కదా అని ఫారం 19తో పాటు 10సీ కూడా పెట్టేస్తారు. 10సీ కింద పెన్షన్ డబ్బు తీసుకున్నాక వైకల్య పెన్షన్ అడగడానికి సభ్యత్వమే ఉండదు. డబ్బు అవసరమైతే ఉద్యోగం వదలకుండానే జబ్బు ఖర్చుకు పీఎఫ్ నుంచి ఫారం 31 మీద అడ్వాన్సు తీయవచ్చు. సిక్‌నెస్ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఓనర్ ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టం చెప్తోంది. అందుకే వాళ్లు తీసేయరు, మనతోనే రాజీనామా రాయించుకుంటారు.

సదరం క్యాంపులో ఇచ్చే శాతం వేరు. అది శరీరంలో లోపం ఎంత అన్నది, రాష్ట్ర పెన్షన్ కోసం: తెలంగాణలో 4,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. ఈఎస్‌ఐ బోర్డు కొలిచేది సంపాదించే శక్తి నష్టం. సదరం సర్టిఫికెట్ పట్టుకుని ఈఎస్‌ఐ ఆఫీసుకు పోయి "నాకు 45 శాతం ఉంది" అంటే అక్కడ అది చెల్లదు, మళ్లీ వాళ్ల బోర్డు ముందు కూర్చోవాల్సిందే.

భాయ్ ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో లేడు. ఎడమ చేత్తో స్కూటర్ రిపేరు నేర్చుకుని చిన్న షాపులో పని చేస్తున్నాడు. నెల నెలా బొటనవేలు డబ్బు పడుతోంది. ఆ ఫ్యాక్టరీలో పక్క మెషీన్ మీద పనిచేసిన కుర్రాడు మొన్న ఫోన్ చేశాడట, చెయ్యి కాలిందని, డిస్పెన్సరీలో ఏం చెప్పాలని. భాయ్ అతన్ని అడిగాడు, ఎప్పుడు కాలింది, ఎక్కడ కాలింది, ఎవరు చూశారు. ఆ మూడూ కాగితం మీద రాయించుకునే దాకా డిస్పెన్సరీ కుర్చీలోంచి లేవొద్దని చెప్పాడు.